వేళ తెలిసిన పలకరింపు

ఒకప్పుడు సభ మొదలవబోతోందనడానికి గుర్తు మైకు మీద వేలితో టకటకమని కొట్టిన చప్పుడు, ఆ వెనకే ‘హలో, మైక్ టెస్టింగ్’ అన్న గొంతు. ఇప్పుడు ఆ చోటును ‘నా మాట వినిపిస్తోందా? స్క్రీన్ కనిపిస్తోందా?’ అన్న రెండు ప్రశ్నలు ఆక్రమించాయి. ఎవరో ఒకరు వినిపిస్తోందండీ అనగానే వక్త గొంతు సవరించుకుని, అందరికీ శుభ సాయంత్రం అంటారు. తెర మీద ఉన్న ఇరవై ముప్పై చిన్న గడుల్లో ఒకచోట కిటికీ లోంచి పొద్దుటి ఎండ పడుతూ ఉంటుంది. ఇంకోచోట టేబుల్ లైటు తప్ప ఇల్లంతా చీకటి. సాయంత్రం అన్నది ఆ వక్త ఊళ్ళో మాత్రమే అయింది. ఎవరూ నొచ్చుకోరు, నవ్వి ఊరుకుంటారు. అయినా ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టి, మొదటి మాటకే సగంమందిని బయట నిలబెట్టినట్టవుతుంది.

మన సభలకు పలకరింపు కొత్త కాదు. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ వేదిక మీది పెద్దల పేర్లను వరసగా చదివి, చివర్లో ‘ఎదురుగా ఉన్న సభాసదులకు’ ఒక నమస్కారం పెట్టడం ఆనవాయితీ. ఒక పేరు జారిపోతే నిర్వాహకుడు చీటీ అందిస్తాడు. వక్త మాట మధ్యలో ఆపి ఆ పేరు కూడా కలుపుతాడు. తరవాత వచ్చిన ప్రతి వక్తా అదే జాబితా మళ్ళీ మొదటినుంచి చదువుతాడు. అది కొండవీటి చాంతాడంత ఉన్నా దానికో పని ఉండేది. ఎవరు ఎందుకు వచ్చారో, ఎవరి స్థానం ఏమిటో హాల్లో అందరికీ తెలిసేది. పైగా ఒక సౌకర్యం ఉండేది: హాల్లో ఉన్నవాళ్ళందరికీ వేళ ఒక్కటే. ఆకలి వేస్తే అందరికీ వేస్తుంది, పొద్దుపోతే అందరికీ పోతుంది. అందుకే వేళను ప్రస్తావించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

వేళలు కలవని శ్రోతలను పలకరించాల్సిన అవసరం మొదట రేడియోకు వచ్చింది. బీబీసీ తన ఎంపైర్ సర్వీసును 1932 డిసెంబరు 19న మొదలుపెట్టింది. మరి ఆరు రోజులకు, క్రిస్మస్ నాడు, అయిదో జార్జి చక్రవర్తి రేడియోలో తన తొలి క్రిస్మస్ ప్రసంగం చేశాడు. ప్రసంగానికి మధ్యాహ్నం మూడు గంటల వేళ ఎంచుకున్నారు. షార్ట్‌వేవ్ మీద సామ్రాజ్యంలో ఎక్కువ దేశాలకు చేరడానికి అదే అనువైన సమయమని లెక్కగట్టారు. ప్రసంగం రాసిచ్చినవాడు రడ్యార్డ్ కిప్లింగ్. ఆ ప్రసంగం శ్రోతల గడియారాల జోలికి పోలేదు. మంచు, ఎడారి, సముద్రం అడ్డుపడి, గాలిలో వచ్చే గొంతు తప్ప మరేదీ చేరలేని మనుషులను తలచుకుంది. ఎవరికి వినడం కష్టమో వాళ్ళ పేరెత్తింది. సామ్రాజ్యం సంగతి ఎలా ఉన్నా, పలకరింపు విషయంలో అది నేర్చుకోదగ్గ పని.

ఇవాళ మన ఇళ్ళలోనే ఆ అవసరం వచ్చింది. పిల్లలు, అన్నదమ్ములు, స్నేహితులు మూడు ఖండాల్లో ఉన్న కుటుంబాలు తెలుగునాట కొల్లలు. ఉగాది కవి సమ్మేళనం ఆన్‌లైన్‌లో పెట్టుకోవడం ఇప్పుడు మామూలే. కాబట్టి ఒక ఉగాదినే తీసుకుని లెక్క చూద్దాం. 2025లో విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. ఆ సాయంత్రం ఏడు గంటలకు విజయవాడ నుంచి ఒక కవి సమ్మేళనం మొదలైందనుకుందాం. అదే క్షణాన లండన్‌లో మధ్యాహ్నం రెండున్నర. డాలస్‌లో ఉదయం ఎనిమిదిన్నర. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఆరున్నర, కాఫీ ఇంకా దిగి ఉండదు. మెల్‌బోర్న్‌లోనయితే అర్ధరాత్రి దాటి మరో అరగంట, తేదీ మార్చి 31, సోమవారం. అక్కడ కవిత చదవాల్సిన మనిషి పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్ళాలి. ఈ అయిదుగురికీ కలిపి ‘శుభ సాయంత్రం’ అంటే అది విజయవాడ ఒక్కదానికే అతుకుతుంది.

అయితే ‘ఉగాది శుభాకాంక్షలు’ అందాం, అది అందరికీ సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజున పండగ. ఆ ఏడు అమావాస్య మార్చి 29, శనివారం మన సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముగిసింది. మనకు శనివారం సూర్యోదయానికి ఇంకా అమావాస్యే కాబట్టి పండగ ఆదివారానికి వెళ్ళింది. డాలస్‌లో అదే క్షణం శనివారం తెల్లవారుజామున ఆరు గంటల ప్రాంతం. అక్కడ సూర్యుడు ఏడు దాటాకే వచ్చాడు. అప్పటికి పాడ్యమి వచ్చేసింది కాబట్టి, లెక్క ప్రకారం అక్కడి ఉగాది శనివారమే. అంటే మన సమ్మేళనం మొదలయ్యేసరికి విజయవాడలో పండగ సాయంత్రం, డాలస్‌లో పండగ మర్నాడు, మెల్‌బోర్న్‌లో పండగ వెళ్ళిపోయి సోమవారం. ‘ఈ ఉగాది రోజున మనమందరం’ అని మొదలుపెట్టిన వక్త, తనకు తెలియకుండానే, విజయవాడ పంచాంగాన్ని అందరి గోడకూ తగిలిస్తున్నాడు.

దీనికి తోడు గడియారాలు కూడా కదులుతాయి. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతుంది. బ్రిటన్, యూరప్ మార్చి ఆఖరి ఆదివారం దాకా ఆగుతాయి. మెల్‌బోర్న్ అందుకు విరుద్ధంగా ఏప్రిల్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతుంది. మన గడియారం ఎప్పుడూ కదలదు. ఉగాది తరచూ ఈ మార్పుల నడుమ వచ్చే పండగ. 2025లోనయితే బ్రిటన్ గడియారం మారిన రోజూ, మన ఉగాదీ ఒక్కటే అయ్యాయి. లండన్‌కూ మనకూ అయిదున్నర గంటల తేడా అని గుర్తున్నవాళ్ళు ఆహ్వాన పత్రంలో మధ్యాహ్నం ఒకటిన్నర అని వేస్తారు. ఆ రోజు నిజమైన తేడా నాలుగున్నరే. లండన్ మిత్రులు ఒకటిన్నరకు వచ్చి కూర్చుంటే, సభ మొదలయ్యేది గంట తరవాత. ఇలాంటి సభలో మొదటి మాట ఎంత తియ్యగా ఉన్నా, ఆదిలోనే హంసపాదు పడిపోయింది.

కాబట్టి పలకరింపు నిజానికి ఆహ్వాన పత్రంలోనే మొదలవుతుంది. ఇక్కడ పొరపాట్లు ఎక్కువగా పొట్టి అక్షరాల వల్ల వస్తాయి. ఐఎస్‌టీ అంటే మనకు భారత ప్రామాణిక కాలం. ఇజ్రాయెల్ తన సమయాన్నీ, ఐర్లండ్ తన వేసవి సమయాన్నీ అవే మూడు అక్షరాలతో రాస్తాయి. అమెరికా తూర్పు తీరంలో వేసవి సమయానికి ఈడీటీ అని వేయాల్సినచోట చాలామంది అలవాటు కొద్దీ ఈఎస్‌టీ అని వేస్తారు. రెంటికీ మధ్య గంట తేడా. ఊరి పేరు, వారం, తేదీ, గంట విడివిడిగా వేస్తే ఈ చిక్కులు రావు. అర్ధరాత్రి దాటిన వేళలకు మరింత జాగ్రత్త కావాలి. మన వాడుకలో తెల్లవారితే గాని వారం మారదు. ఆదివారం రాత్రి పన్నెండున్నర అంటే మనకు ఆదివారం గడిచిన రాత్రే. క్యాలెండరుకు అది సోమవారం. అందుకే మెల్‌బోర్న్ మిత్రుడికి ‘ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం, మార్చి 31, రాత్రి 12:30’ అని వేయడం మేలు. ఫోన్ క్యాలెండరుకు పంపిన ఆహ్వానం వేళను అవతలి ఊరికి దానంతటదే మార్చి చూపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే రంగుల బొమ్మకు ఆ తెలివి లేదు. బొమ్మ ముచ్చటకు, క్యాలెండరు ఆహ్వానం పనికి.

ఇక సభ తెరుచుకున్నాక ఏమనాలి? ప్రపంచమంతా వాడుకలో పడిన ఒక సూత్రం ఉంది: గుడ్ మార్నింగ్, గుడ్ ఆఫ్టర్‌నూన్, గుడ్ ఈవెనింగ్, మీరెక్కడుంటే అక్కడి వేళకు తగ్గట్టు తీసుకోండి అని. తప్పేమీ లేదు, ఎవరినీ వదలదు. కానీ ఎవరినీ చూసి అన్నట్టుగానూ ఉండదు. తొలిసారి అన్నవాడికి అందులో చమత్కారం ఉండి ఉంటుంది, ఇప్పుడది తూతూమంత్రం. దీనికి విరుగుడుగా కొందరు ఊళ్ళ జాబితా చదువుతారు: హైదరాబాద్, విశాఖ, డాలస్, లండన్, సింగపూర్, దుబాయ్ అంటూ. పదకొండు ఊళ్ళు చదివాక పన్నెండో ఊరివాడు మా ఊరు అనలేదేమిటి అనుకుంటాడు. వేదిక మీది పెద్దల జాబితాకు పట్టిన జబ్బే ఊళ్ళ జాబితాకూ పట్టుకుంటుంది. పైగా చీటీ అందించే నిర్వాహకుడు ఇక్కడ చాట్‌లో ఉంటాడు. వక్త కళ్ళు అటు పోవు.

రెండింటికీ నడుమ ఒక దారి ఉంది. అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి, అందరిలోకీ ఇబ్బంది వేళలో కూర్చున్నవాళ్ళను మాత్రం ప్రత్యేకంగా తలచుకోవడం. మన ఉగాది సభనే మళ్ళీ తీసుకుంటే, అధ్యక్షుడు ఇలా అనవచ్చు:

‘అందరికీ నమస్కారం. విశ్వావసు ఉగాది కవి సమ్మేళనానికి స్వాగతం. ఇక్కడ పండగ సాయంత్రం. డాలస్ వాళ్ళు నిన్ననే ఉగాది పచ్చడి తినేశారు. మెల్‌బోర్న్‌లో మాత్రం అర్ధరాత్రి దాటింది, వాళ్ళు పొద్దున్నే పనికి వెళ్ళాలి. అందుకని ముందుగా వాళ్ళ కవితలే విందాం. చదివాక వాళ్ళు సెలవు తీసుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. సభ ఎనిమిదిన్నరకు, అంటే మరో గంటన్నరకు ముగుస్తుంది.’

నింపాదిగా చదివినా ఇది నిమిషం దాటదు. ఇందులో పొగడ్త లేదు, వక్త తన గురించి చెప్పుకున్నది లేదు. డాలస్ ప్రస్తావన సరదాకు కాదు; పండగ తేదీలో తేడా ఉందని ఒప్పుకోవడానికి. మెల్‌బోర్న్ ప్రస్తావన సానుభూతి కోసం కాదు. ఆ వెంటనే వచ్చే ఏర్పాటుకు కారణం చెప్పడానికి. ముగింపు వేళ చెప్పినప్పుడు గంటలతో పాటు ఎంతసేపో కూడా చెప్పారు, ఎందుకంటే ఎనిమిదిన్నర ఒక్క ఊరి లెక్క, గంటన్నర అందరి లెక్క. ఏ గడియారం చూసుకునేవాడికయినా అర్థమయ్యేది ఆ రెండో మాటే. ‘పది నిమిషాలు విరామం’, ‘ఇంకో ఇరవై నిమిషాల్లో ప్రశ్నలు’ అన్నప్పుడూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఈ మాటలకు ముందు చేసుకోవాల్సిన చిన్న పని ఒకటుంది. ఆన్‌లైన్ సభలో మొదటి వాక్యం చాలామందికి అందదు. వెయిటింగ్ రూమ్‌లోంచి లోపలికి వచ్చినవాళ్ళకు ఆడియో కలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా మీటింగ్ రికార్డవుతోందన్న ప్రకటన ఒకటి మోగుతుంది. అందువల్ల విలువైన మాటను తొలి వాక్యంలో పెట్టకూడదు. వినిపిస్తోందా అని అందరినీ అడిగితే ఆరుగురు ఒకేసారి జవాబిస్తారు, లేదా ఒకరి మీద ఒకరు వదిలేసి ఎవరూ ఇవ్వరు. సభకు ముందే ఒకరితో మాట్లాడి పెట్టుకుని, ‘సుబ్బారావు గారూ, వినిపిస్తోందాండీ?’ అని పేరు పెట్టి అడిగితే ఆ పని ఒక్క మాటతో తీరుతుంది. అసలు పలకరింపు ఆ తరవాతే.

పలకరించాక వచ్చే నిశ్శబ్దం చాలామంది వక్తలను కంగారు పెడుతుంది. హాల్లో నమస్కారం అనగానే కుర్చీలు కదులుతాయి, ముందు వరసలో రెండు చేతులు జోడవుతాయి, వెనకెక్కడో ఒక దగ్గు వినిపిస్తుంది. వక్తకు ఆసరా ఆ అలికిడే. తెర మీద అందరి మైకులూ కట్టేసి ఉంటాయి. తెరిచి ఉన్నా లాభం తక్కువ. నలుగురు ఒకేసారి మాట్లాడితే మాటలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. చప్పట్లను చాలాసార్లు నాయిస్ సప్రెషన్ అనే ఏర్పాటు రణగొణ ధ్వనిగా లెక్కగట్టి అణిచేస్తుంది. అంటే అవతలివాళ్ళు బదులు పలికినా మనకు వినిపించకపోవచ్చు. ఈ సంగతి తెలియక ‘ఏమిటి, ఎవరూ మాట్లాడరేం? గట్టిగా చెప్పండి నమస్కారం!’ అని బడిపిల్లలను అదిలించినట్టు రెండోసారి అడిగే వక్తలున్నారు. అడగాల్సింది వేరే దారిలో. మీరు ఏ ఊళ్ళో ఉన్నారో, అక్కడ ఇప్పుడు టైమెంతో చాట్‌లో రాయండి అని, నిజంగానే పది పదిహేను సెకన్లు ఆగాలి. ఆగకుండా ప్రసంగంలోకి దూకితే రాసినవాళ్ళు ఎవరికోసం రాసినట్టు? ఆ చిన్న వ్యవధిలో ఊళ్ళ పేర్లు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తాయి. నోటితో చదవాల్సిన జాబితా ఎవరికి వారే రాసుకున్న జాబితా అవుతుంది, ఎవరి పేరూ జారిపోదు.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ విషయంలో మన మొగమాటం మనకే ఎదురు తిరుగుతుంది. ఇంకా వస్తున్నారు, రెండు నిమిషాలాగుదాం అనడం మర్యాదగానే వినిపిస్తుంది. కానీ ఆ రెండు నిమిషాలు పది అయితే, ఆ పదీ పోయేది వేళకు వచ్చినవాళ్ళ ఖాతాలోంచి. విజయవాడలో సాయంత్రం పది నిమిషాలు పెద్ద విషయం కాదు. మెల్‌బోర్న్‌లో అవి నిద్రలోంచి కోసిన నిమిషాలు. సమయానికే మొదలుపెట్టి, తరవాత వచ్చినవాళ్ళకు నిర్వాహకుల్లో ఒకరు చాట్‌లో స్వాగతం రాసి, ఇప్పుడు ఎవరు చదువుతున్నారో చెబితే సరిపోతుంది. కవిత మధ్యలో ఆపి, ‘రండి రండి, నమస్కారమండీ’ అనాల్సిన పని లేదు. అది వచ్చినాయనకు గౌరవం కాదు, చదువుతున్నామెకు అంతరాయం.

రికార్డింగ్ చూసేవాళ్ళనూ మరిచిపోకూడదు. వాళ్ళు ఏ రోజున, ఏ వేళలో చూస్తారో వక్తకు తెలిసే వీలే లేదు. వాళ్ళకు వేళతో ముడిపడ్డ ఏ పలకరింపూ అతకదు. సభ ఏ తేదీన, ఏ సందర్భంలో జరుగుతోందో ఒక్క వాక్యంలో చెబితే చాలు. ఏడాది తరవాత చూసినవాడికి కూడా తను ఎక్కడికి వచ్చాడో తెలుస్తుంది.

ఇంతా చేసి, ఇదంతా మాట నేర్పు మాత్రమే అనుకుంటే సగం సంగతే అర్థమయినట్టు. మీకు అర్ధరాత్రి అయింది పాపం అని నొచ్చుకుని, ఆ మనిషి కవితను ఆఖరున పెట్టేవాళ్ళు లేకపోలేదు. అలాంటి సానుభూతి కన్నా అసలు ప్రస్తావించకపోవడమే నయం. తలచుకున్నామంటే కార్యక్రమం వరస మారాలి. ముందుమాట, జ్యోతి ప్రజ్వలన, దాతల ప్రశంస, అధ్యక్షోపన్యాసం అన్నీ అయ్యాక కాదు, మొదటి పదినిమిషాల్లోనే ఆ గొంతు వినిపించాలి. ఇందుకు అడ్డం వచ్చేది సాధారణంగా సాంకేతిక సమస్య కాదు, మన మర్యాదల క్రమం. ముఖ్య అతిథి కన్నా ముందు ఒక కుర్రకవి చదవడమేమిటన్న సందేహం. ఆ ముఖ్య అతిథి విజయవాడలో భోజనానికి ముందు కూర్చున్న మనిషి. అరగంట ఆగితే ఆయనకు పోయేదేమీ లేదు. అడిగితే ఆయనే సరేనంటారు. అడగడానికే మనకు జంకు.

నెలనెలా జరిగే సభలయితే మరో అడుగు వేయవచ్చు. ప్రతిసారీ మన సాయంత్రం ఏడు గంటలకే పెడితే, ప్రతిసారీ అదే మెల్‌బోర్న్ మనిషి మేలుకోవాలి. ఒక నెల మన ఉదయం ఏడింటికి పెడితే మెల్‌బోర్న్‌లో వేళ మధ్యాహ్నానికి అటూ ఇటూగా పడుతుంది, డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదింటికి కాస్త అటూ ఇటూగా. ఆ నెల అవస్థ లండన్‌ది, అక్కడ తెల్లవారుజాము రెండు గంటల దరిదాపు. అందరికీ అనువైన వేళ దొరకదు, దొరుకుతుందని వెదకడం వృథా. ఇబ్బందిని వంతులవారీగా పంచుకోవడం మాత్రం సాధ్యం. ఒకసారి తాను అలారం పెట్టుకుని లేచి, కళ్ళు నులుముకుంటూ తెర ముందు కూర్చున్న వక్తకు, ఆ తరవాత ఎవరిని ఎలా పలకరించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చే ఉగాదికి ఆహ్వాన పత్రం వేసేవాళ్ళు కవుల పేర్ల పక్కన వాళ్ళ ఊళ్ళలోని వేళ కూడా రాసుకుని, ఆ వేళను బట్టి వరస కడితే, అధ్యక్షుడి పలకరింపు సగం అక్కడే తయారయినట్టు.